ట్రాన్స్‌పోజ్ మొక్కుబడి కాదు

విలోమ మాత్రిక కనుక్కోవడం గురించి మన తరగతి గదుల్లో పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. ముందు నిర్ధారకం లెక్కగట్టు. సున్నా వస్తే అక్కడితో ఆపు. రాకపోతే తొమ్మిది కోఫాక్టర్లు రాయి, గడి విడిచి గడి గుర్తు మార్చు, అడ్డువరుసల్ని నిలువుగా తిప్పు, నిర్ధారకంతో భాగించు. అయిపోయింది. ఎందుకు తిప్పాలి, ఎందుకు గుర్తు మార్చాలి అని ఎవరైనా అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "ఫార్ములా అంతే, రాసుకో." పురోహితుడు చెప్పిన సంకల్పాన్ని అర్థం తెలియకుండా తిరిగి చెప్పినట్టు, ఏటా వేలమంది పిల్లలు దీన్ని వల్లించి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఇది గణితమా?

విడ్డూరం ఏమిటంటే, ఇంటర్ మొదటి సంవత్సరం 1ఎ పేపర్లో ఏళ్ల తరబడి వచ్చిన ఏడు మార్కుల ప్రశ్న సరిగ్గా దీని ఉపపత్తే. విలోమం అంటే అడ్జాయింట్‌ను నిర్ధారకంతో భాగించగా వచ్చేదేనని నిరూపించమంటారు. a1, b1, c1 దగ్గర మొదలుపెట్టి రెండు పేజీలు నింపుతారు. ఆ రెండు పేజీల్లోనే నేనడిగిన 'ఎందుకు'కు సమాధానం ఉంది. చేత్తో రాసిన సమాధానం తలలోకి ఎక్కకుండా పేపరు దిద్దేవాడి దగ్గరికి వెళ్ళిపోతుంది. తప్పు పిల్లలదని నేననను. ఉపపత్తిని ఒక ప్రశ్నగా, లెక్కను వేరే ప్రశ్నగా విడదీసి, రెండింటికీ సంబంధమే లేనట్టు నేర్పినవాళ్ళది.

పాఠకులే న్యాయమూర్తులు కావాలంటే చేతిలో సాక్ష్యం ఉండాలి. ఒక మాత్రిక తీసుకుందాం.

```
A =  2  1  1
     1  3  2
     1  0  2
```

మొదటి అడ్డువరుసలోని 2కు కోఫాక్టర్ కావాలంటే, ఆ 2 ఉన్న అడ్డువరుసనూ నిలువువరుసనూ కప్పేయాలి. మిగిలేవి 3, 2 కింద 0, 2. వాటి నిర్ధారకం 3×2 − 2×0 = 6. పక్కనున్న 1కి మిగిలేవి 1, 2 కింద 1, 2. వాటి విలువ 0. గుర్తు మార్చినా 0యే. మూడో గడికి 1×0 − 3×1 = −3. మొదటి వరుస కోఫాక్టర్లు 6, 0, −3. ఇదే పద్ధతిలో రెండో వరుసకు −2, 3, 1 వస్తాయి. మూడో వరుసకు −1, −3, 5.

```
C =  6  0 -3
    -2  3  1
    -1 -3  5
```

ఇప్పుడు మొదటి ప్రశ్న. నిర్ధారకాన్ని ముందే విడిగా ఎందుకు లెక్కగట్టారు? మొదటి వరుస కోఫాక్టర్లు చేతిలో ఉన్నాక అది ఉచితంగా వస్తుంది: 2×6 + 1×0 + 1×(−3) = 9. అంతేనా? రెండో వరుసను దాని సొంత కోఫాక్టర్లతో గుణించి కూడండి: −2 + 9 + 2 = 9. మూడో వరుస: −1 + 0 + 10 = 9. మూడు వరుసలూ విడివిడిగా ఒకే సంఖ్య చెబుతున్నాయి. ఇది యాదృచ్ఛికం కాదు, ఏ వరుస వెంట విస్తరించినా నిర్ధారకం ఒకటే కాబట్టి. నిర్ధారకాన్ని వేరే అడ్డదారిలో ముందే తేల్చుకున్నవాడు ఒకే విలువను రెండుసార్లు సంపాదిస్తున్నాడు. పైగా రెండు దారుల్లో వచ్చిన జవాబుల్ని పోల్చి చూసే అలవాటు కూడా అతనికి ఉండదు.

అసలు కీలకం దీని తర్వాతి మెట్టు, అందరూ దాటవేసేదీ అదే. మొదటి వరుసను రెండో వరుస కోఫాక్టర్లతో గుణించి కూడితే? 2×(−2) + 1×3 + 1×1 = 0. మూడో వరుస కోఫాక్టర్లతో అయితే? −2 − 3 + 5 = 0. ఎవరి వరుసను ఎవరి కోఫాక్టర్లతో కలిపినా, అవి పరాయివైతే సున్నా. ఎందుకు? రెండో వరుస కోఫాక్టర్లు లెక్కగట్టేటప్పుడు మనం రెండో వరుసను పూర్తిగా కప్పేశాం. కాబట్టి ఆ వరుసలో ఏమున్నదో వాటికి తెలియనే తెలియదు. అక్కడ 1, 3, 2 బదులు 2, 1, 1 పెట్టినా ఆ కోఫాక్టర్లు మారవు. అలా పెడితే ఏర్పడే మాత్రిక ఇది:

```
2  1  1
2  1  1
1  0  2
```

మనం ఇందాక వేసిన మొత్తం ఈ మాత్రిక నిర్ధారకమే, రెండో వరుస వెంట విస్తరించినది. రెండు వరుసలు ఒకటే అయిన మాత్రిక నిర్ధారకం సున్నా. అంతకు మించి ఇందులో గూఢమేమీ లేదు.

ఈ రెండు వాస్తవాలు పక్కపక్కన పెట్టండి. సొంత కోఫాక్టర్లతో 9, పరాయి కోఫాక్టర్లతో 0. తొమ్మిది కలయికల్నీ ఒక చదరంగా రాస్తే కర్ణం మీద మూడు తొమ్మిదులు, మిగతా అంతటా సున్నాలు. యూనిట్ మాత్రికకు తొమ్మిది రెట్లు. విలోమానికి మనం కోరేది ఇదే కదా? ఇక మిగిలిందల్లా ఆ కలయికల్ని మాత్రికల గుణకారంగా రాయడం. మాత్రికల గుణకారంలో ఎడమవైపు మాత్రిక అడ్డువరుస, కుడివైపు మాత్రిక నిలువువరుసతో కలుస్తుంది. మనకేమో అడ్డువరుస అడ్డువరుసతోనే కలవాలి. అందుకని C అడ్డువరుసల్ని నిలబెడతాం. ట్రాన్స్‌పోజ్ అంటే ఈ నిలబెట్టడమే. ఇది చాదస్తమూ కాదు, పరీక్షాధికారి ఆంక్షా కాదు. గుణకారం జరిగే తీరే దాన్ని బలవంతంగా తెచ్చిపెడుతోంది.

```
adj A =  6 -2 -1
         0  3 -3
        -3  1  5

A · adj A = 9 · I
```

భాగించడం ఆఖరి పని. విలోమం ఈ adj Aలోని ప్రతి సంఖ్యనూ 9తో భాగిస్తే వచ్చేది. అసలు సిద్ధాంతం పై సమీకరణమే, భాగహారం దాని తోక. తోకను పట్టుకుని జంతువని పిలుస్తున్నారు మనవాళ్ళు.

"ఇదంతా సరే, తిప్పడం మరిచిపోతే జవాబు సరిచూసుకున్నప్పుడు ఎలాగూ దొరుకుతుంది" అంటారు కొందరు. దొరుకుతుందా? పై మాత్రికలోనే తిప్పకుండా A · C వేసి చూడండి. మొదటి అడ్డువరుసకు వచ్చేవి: 12 − 2 − 1 = 9; 0 + 3 − 3 = 0; −6 + 1 + 5 = 0. అంటే 9, 0, 0. కచ్చితంగా కావలసినవే! మొదటి వరుస చూసి తృప్తిపడి పేజీ తిప్పేసేవాడు తప్పు జవాబుతో నిశ్చింతగా బయటికి వెళ్తాడు. రెండో వరుస చూస్తే −2, 3, 10. గుట్టు అక్కడ బయటపడుతుంది. ఈ మోసం ఎందుకు జరిగింది? A మొదటి అడ్డువరుస 2, 1, 1. మొదటి నిలువువరుసా 2, 1, 1. ఆ వరుస వరకు మాత్రిక తనను తాను తిప్పుకున్నట్టే ఉంది. ఇక పూర్తిగా సౌష్ఠవ మాత్రికనే ఉదాహరణగా ఇస్తే, తిప్పినా తిప్పకపోయినా జవాబు ఒకటే. అలాంటి లెక్కతో తొలి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఒక పొరపాటును పిల్లల చేతుల్లో కనబడకుండా పెంచుతున్నాడు.

సరిచూసే పనిలోనూ ఇలాంటి గుడ్డితనమే మరొకటి. సొంత వరుసతో 9 వస్తే చాలనుకోవడం. మూడో వరుస మధ్య గడిలో 0 ఉంది. దాని కోఫాక్టర్ −3. ఎవరైనా గుర్తు మరిచి +3 రాశారనుకోండి. మూడో వరుస మొత్తం −1 + 0 + 10, అదే 9. తప్పు కనబడలేదు, ఎందుకంటే సున్నా దాన్ని మింగేసింది. పరాయి వరుసను అడగండి: 2×(−1) + 1×3 + 1×5 = 6. సున్నా రావలసిన చోట 6. దొంగ దొరికాడు. సొంత కోఫాక్టర్ల మొత్తం నిర్ధారకాన్ని ఇస్తుంది, పరాయి మొత్తాలే తప్పుల్ని పట్టిస్తాయి. ఆ పరాయి మొత్తాల సంగతే నేర్పని పద్ధతిలో విద్యార్థి తన తప్పును తాను ఎలా పట్టుకోగలడు?

గుర్తుల విషయానికి వద్దాం. గడి విడిచి గడి ప్లస్, మైనస్ అని బల్లమీద చదరంగం గీసి చూపిస్తారు. అది గుర్తుంచుకోవడానికి పనికొచ్చే బొమ్మ, కారణం కాదు. ఒక గడిని ఎడమ పైమూలకు తేవాలంటే దాని అడ్డువరుసను పక్క వరుసలతో ఎన్నిసార్లు మార్చుకోవాలో, నిలువువరుసను ఎన్నిసార్లు మార్చుకోవాలో లెక్కించండి. ఒక్కో మార్పుకు నిర్ధారకం గుర్తు ఒక్కసారి తిరుగుతుంది. మార్పుల సంఖ్య సరిసంఖ్య అయితే ప్లస్, బేసి అయితే మైనస్. అంతే.

ఈ కారణం తెలియకపోవడం వల్ల కోచింగ్ సెంటర్ల చిట్కా ఒకటి మంత్రదండంలా చలామణి అవుతోంది. మొదటి రెండు నిలువువరుసల్ని కుడివైపు మళ్ళీ రాసి, మొదటి రెండు అడ్డువరుసల్ని కింద మళ్ళీ రాసి, పైవరుసనూ ఎడమ వరుసనూ కొట్టేస్తే మిగిలేది ఇది:

```
3  2  1  3
0  2  1  0
1  1  2  1
3  2  1  3
```

ఇందులో పక్కపక్కనున్న నాలుగేసి సంఖ్యల నిర్ధారకాలు వరసగా రాయండి. పైనుంచి 3×2 − 2×0 = 6, 2×1 − 1×2 = 0, 1×0 − 3×1 = −3. గుర్తులు మార్చకుండానే కోఫాక్టర్లు దిగుతున్నాయి. చిట్కా నిజమే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ గుర్తులు ఎక్కడికి పోయాయి? మూడు వరుసల్ని చక్రంలా ఒక స్థానం తిప్పడమంటే రెండు మార్పులు చేయడం. రెండు సరిసంఖ్య, కాబట్టి గుర్తు తిరగదు. అదే నాలుగు వరుసల్ని తిప్పితే మూడు మార్పులు. అక్కడ గుర్తు తిరుగుతుంది. 4×4 మాత్రికకు ఇదే చిట్కా వాడినవాడికి సగం గడుల్లో తప్పు గుర్తు వస్తుంది. ఎందుకు తప్పిందో మాత్రం అంతుపట్టదు. 5×5కు మళ్ళీ పనిచేస్తుంది. కారణం తెలిసినవాడికి ఇది ఒక్క వాక్యం. తెలియనివాడికి మరో మూడు చిట్కాలు కావాలి.

ఇంతవరకూ నిర్లక్ష్యం. ఇకముందుది అసలైన పొరపాటు. నిర్ధారకం సున్నా అయితే అడ్జాయింట్‌తో పని లేదనడం. ఏ సిద్ధాంతం చెప్పిందది? విలోమం లేదన్నారు, నిజం. అడ్జాయింట్ లేదని ఎవరన్నారు? A మొదటి వరుసలో చివరి 1ని 4 చేద్దాం.

```
B =  2  1  4
     1  3  2
     1  0  2
```

మొదటి వరుస కోఫాక్టర్లు మారవు, ఎందుకంటే ఆ వరుసను అవి చూడలేదు. 6, 0, −3. నిర్ధారకం 12 + 0 − 12 = 0. ఇక్కడ పెన్ను మూసేసేవాడు చేతికందిన ఫలితాన్ని వదిలేస్తున్నాడు. B · adj B = 0 అన్న సమీకరణం ఇప్పటికీ నిలిచే ఉంది. అంటే adj B నిలువువరుసల్లో ప్రతిదీ Bతో గుణిస్తే సున్నా ఇస్తుంది. 6, 0, −3 తీసుకోండి: 12 − 12, 6 − 6, 6 − 6. మూడూ సున్నాలే. కుడివైపు సున్నాలున్న సమీకరణాల సమూహానికి సున్నా కాని సాధన మన చేతిలోనే ఉంది. 3తో కుదిస్తే 2, 0, −1. మిగతా రెండు నిలువువరుసలు −2, 0, 1. −10, 0, 5. అన్నీ ఒకే దిశ.

అడ్డువరుసల్నీ చదవండి. adj B మొదటి అడ్డువరుస 6, −2, −10. కుదిస్తే 3, −1, −5. B మొదటి వరుసకు మూడు రెట్లలోంచి రెండో వరుసనూ, మూడో వరుసకు ఐదు రెట్లనూ తీసేస్తే సున్నా మిగులుతుంది. కాబట్టి కుడివైపు a, b, c ఉన్న సమీకరణాలకు సాధన ఉండాలంటే 3a = b + 5c కావాలి. ఈ షరతు నెరవేరితే సాధనలు అనంతం, లేకపోతే ఒక్కటీ లేదు. ఇంత సమాచారం 'పనికిరాని' అడ్జాయింట్‌లోనే ఉంది.

ఇక్కడే ప్రచారంలో ఉన్న ఇంకో అబద్ధాన్ని కూడా పడగొట్టాలి. నిర్ధారకం సున్నా అయ్యి, అడ్జాయింట్‌ను కుడివైపు సంఖ్యలతో గుణిస్తే కూడా సున్నాలే వస్తే, సాధనలు అనంతం అని చాలా నోట్సుల్లో రాసి ఉంటుంది. x + y + z = 1, x + y + z = 2, x + y + z = 3 తీసుకోండి. ఇక్కడ ప్రతి రెండు వరుసలూ ఒకటే కాబట్టి తొమ్మిది కోఫాక్టర్లూ సున్నాలు. సున్నా మాత్రికను దేనితో గుణించినా సున్నాయే. నోట్సు ప్రకారం సాధనలు అనంతం. ఒకే మొత్తం ఒకేసారి 1, 2, 3 అవుతుందా? అడ్జాయింట్‌లో ఒక్క సంఖ్యయినా సున్నా కానప్పుడే ఆ పరీక్ష నమ్మదగింది. అన్నీ సున్నాలైతే అడ్జాయింట్ ఏమీ చెప్పడం లేదు. మౌనాన్ని అంగీకారంగా రాసుకోవడం ఎక్కడి తర్కం?

ఇప్పుడు రెండో పక్షాన్నీ పిలుద్దాం. "ఈ కోఫాక్టర్ల గొడవంతా పాతబడింది, వరుసల్ని ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తూ పోతే విలోమం అదే వస్తుంది, కంప్యూటర్లు అదే చేస్తాయి" అని కొంచెం పైచదువులు చదివినవాళ్ళు కొట్టిపారేస్తుంటారు. పెద్ద మాత్రికలకు వాళ్ళ మాట నిజమే. 10×10 నిర్ధారకాన్ని పూర్తిగా విస్తరిస్తే 36,28,800 పదాలు. బుద్ధున్నవాడెవడూ ఆ పని చేయడు. కానీ 3×3కు తొమ్మిది చిన్న నిర్ధారకాలు, పద్దెనిమిది గుణకారాలు చాలు. పూర్ణాంకాలతో మొదలైన లెక్క చివరి భాగహారం దాకా పూర్ణాంకాల్లోనే సాగుతుంది. వరుసల పద్ధతిలో మొదటి మెట్టులోనే 2తో భాగించి సగాల్లోకి దిగాలి, లేదా వరుసలు తారుమారు చేసుకోవాలి.

భాగహారం కుదరని చోట ఈ తేడా ముదురుతుంది. 1929లో లెస్టర్ హిల్ ప్రతిపాదించిన సంకేత లిపిలో అక్షరాలను 0 నుంచి 25 దాకా సంఖ్యలుగా మార్చి, మాత్రికతో గుణించి, 26తో భాగిస్తే వచ్చే శేషాలు పంపుతారు. తిరిగి చదవాలంటే ఆ శేషాల లోకంలోనే విలోమం కావాలి. అక్కడ 2కు విలోమమే లేదు, కాబట్టి మన A మొదటి గడి దగ్గరే వరుసల పద్ధతి తడబడి వేరే వరుసను వెతుక్కుంటుంది. అడ్జాయింట్ దారిలో అడగవలసింది ఒక్క ప్రశ్న: 9కి విలోమం ఉందా? 9×3 = 27, దాన్ని 26తో భాగిస్తే శేషం 1. కాబట్టి 9కి విలోమం 3. adj Aను 3తో గుణించి 26తో శేషాలు తీస్తే చాలు.

```
18 20 23
 0  9 17
17  3 15
```

A మొదటి వరుసతో సరిచూడండి: 36 + 0 + 17 = 53, శేషం 1. 40 + 9 + 3 = 52, శేషం 0. 46 + 17 + 15 = 78, శేషం 0. మిగతా రెండు వరుసలు పాఠకులు వేసి చూసుకోవచ్చు. మొదటి వరుస ఒక్కటే చూసి నమ్మవద్దని ఇందాకే చెప్పాను. నిర్ధారకం సరిసంఖ్య అయినా, 13 గుణిజమైనా ఆ మాత్రిక సంకేత లిపికి పనికిరాదు. అది కూడా అదే ఒక్క సంఖ్యను చూసి తేల్చేయవచ్చు, తక్కిన మెట్లన్నీ ఎక్కే పనిలేదు.